స్విచ్ ముట్టుకోవాకండి!

రాత్రిపూట వంటింట్లో గ్యాస్ వాసన వస్తే మన చెయ్యి ముందుగా లైటు స్విచ్ మీదికే పోతుంది. అసలు ప్రమాదం అక్కడే. స్విచ్ వేసినా, ఆపినా లోపల చిన్న నిప్పురవ్వ పుడుతుంది. గ్యాస్ అంటుకోవడానికి అది చాలు.

గాలిలో సుమారు రెండు శాతం గ్యాస్ కలిస్తే అంటుకుంటుంది. పైగా వంటగ్యాస్ గాలి కన్నా బరువు కాబట్టి నేలబారున పరుచుకుంటుంది. చక్రాయపేటలో మా వంటిల్లు పదడుగులకు ఎనిమిదడుగులు. నేల మీద అడుగు ఎత్తున ఆ రెండు శాతం చేరడానికి ఎంత కావాలా అని లెక్క వేసి చూశాను. సుమారు 100 గ్రాములు! నిండు సిలిండర్‌లో ఉండేది 14.2 కిలోలు.

సంక్రాంతికి నేను ఇంటికి పోయినప్పుడు ఒక రాత్రి అవ్వ అందరినీ లేపింది. "కుళ్లిన ఎర్రగడ్డల వాసన వస్తాంది" అనింది. లీకైతే తెలియాలనే గ్యాస్‌లో ఆ వాసన కలుపుతారు. నాయన లైటు వేయబోతే, "స్విచ్ ముట్టుకోవాకు" అని అమ్మ ఆపింది.

ముందు అవ్వను వాకిట్లోకి పంపించాం. నేను పెరటి తలుపు తీశాను. గ్యాస్ కిందనే ఉంటుంది కాబట్టి పైనున్న కిటికీ కన్నా గడప దాకా తెరుచుకునే తలుపే మేలు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయలేదు, ఫ్రిజ్ ప్లగ్గు పీకలేదు. వాటిలోనూ నిప్పురవ్వ వస్తుంది.

వాసన పల్చగా ఉంది, బుస్సుమనే శబ్దం లేదు. అందుకే అమ్మ లోపలికి పోయి చీకట్లోనే తడిమి రెగ్యులేటర్ ఆపేసింది. దాన్ని ఊడదీసి, సిలిండర్‌కు దారంతో కట్టి ఉండే మూత బిగించింది. వాసన ఘాటుగా ఉన్నా, శబ్దం వినిపించినా లోపలికి పోకూడదు. అందరూ బయటికి వచ్చేయాల్సిందే.

ఫోన్ కూడా వాకిలి దాటి, ఇంటికి దూరంగా పోయాకే చేశాం. గ్యాస్ లీకేజీ ఫిర్యాదులకు 1906 నంబరు రాత్రీ పగలూ పనిచేస్తుంది. మంటలు లేస్తే 101.

కాసేపటికి నాయన "వాసన పోయింది" అన్నాడు. ఆ మాట నమ్మకూడదు. ఎక్కువసేపు పీలిస్తే ముక్కు ఆ వాసనకు అలవాటు పడిపోతుంది. చాలాసేపు తలుపులు తెరిచి ఉంచి, బయట ఉన్న అవ్వను పిలిచి, గడప దగ్గర వంగి చూడమన్నాం. ఆమె లేదన్నాకే లోపలికి పోయాం.

తెల్లారినాక వచ్చిన మెకానిక్ రెగ్యులేటర్ బిగించి, ట్యూబు పొడవునా సబ్బునీళ్లు పూశాడు. స్టవ్ దగ్గర ట్యూబు చివర బుడగలు లేచాయి. అక్కడ రబ్బరు పగిలింది. ట్యూబును ఐదేళ్లకోసారి మార్చాలి. దాని మీద తేదీ ఉంటుంది. ఈ రోజే ఒకసారి చూడండి. రాత్రి పడుకునే ముందు స్టవ్ నాబ్‌తో పాటు రెగ్యులేటర్ కూడా ఆపేస్తే, ట్యూబు పగిలినా గ్యాస్ అందులోకి రాదు.