వెలిగొండ సొరంగంలో మూడు తేదీలు

వెలిగొండ ప్రాజెక్టు సొరంగాలు రెండూ ఒక్కోటి 18.8 కిలోమీటర్ల పొడవు. శ్రీశైలం జలాశయం ఒడ్డున కొల్లంవాగు దగ్గర కృష్ణా నీళ్లు తీసుకుని, నల్లమల కింద నుంచి దోర్నాల పక్కనున్న కొత్తూరులో వదలాలి. 2000వ దశకంలో పట్టిన తవ్వకం మొదటి దాంట్లో 2021 జనవరికి, రెండో దాంట్లో 2024 జనవరికి గానీ పూర్తికాలేదు. నేనక్కడ జియాలజిస్టుగా కొన్నేళ్లు పనిచేశాను. సెలవుకు మా ఊరు తడ వస్తే మా బాబాయి అడిగే మాట ఒక్కటే: “ఏరా, కొండ మొండిదా, మీవాళ్లు మొండివాళ్లా?”

ఆలస్యానికి కారణాలు రాయమని మా నలుగురికి అప్పగించినప్పుడు ఆ ప్రశ్నకే జవాబు వెతకాల్సి వచ్చింది. అప్పటికే ఒక ముసాయిదా ఉంది. గట్టి క్వార్ట్జైటు, వదులు రాయి, నీటి ఊట అంటూ తప్పంతా కొండ మీదే వేశారు. కొండ ఎదురు చెప్పదు కదా. మేం దాన్ని పక్కనపెట్టి షిఫ్టు పుస్తకాలు తెరిచాం. ఏ గంటకు సొరంగం తొలిచే యంత్రం ఆగిందీ, ఎందుకు ఆగిందీ ఫోర్‌మన్ల చేతిరాతలో ఉంటుంది.

యంత్రం ఇరుక్కోవడం ఒక్కసారిగా జరగదు. నలిగిన రాయి దగ్గరపడేకొద్దీ బెల్టు మీద సన్నటి పలుకులకు బదులు పెద్ద దిమ్మలు రావడం మొదలవుతుంది. యంత్రం ముందుకు జరిగిన దూరానికి రావాల్సిన దానికంటే ఎక్కువ రాయి బయటికొస్తుంది. అంటే కట్టర్ హెడ్ పైన కప్పు రాలి గుల్ల ఏర్పడుతోందన్నమాట. ఆ తర్వాత హెడ్ తిప్పడానికి బలం చాలదు, రాలిన రాయి షీల్డును పట్టేస్తుంది. అప్పుడిక పక్కనుంచి మనుషులు చేత్తో చిన్న దారి తవ్వుకుంటూ ముందుకెళ్లాలి. గుల్లలో రసాయన గ్రౌటు నింపి, పైన ఇనుప పైపులు దిగ్గొట్టి, హెడ్‌ను విడిపించాలి.

ఇంతవరకు కొండ పనే. అయితే పుస్తకాల్లో ఇంకోటి కనపడింది. ఎలా విడిపించాలో తేలిపోయాక కూడా చాలా షిఫ్టుల ఎదురుగా “గ్రౌటు లేదు”, “అనుమతి రావాలి” అని రాసుంది. ఆ గ్రౌటు ఒప్పందంలోని పనుల పట్టికలో లేని వస్తువు. ధర ఎవరు ఒప్పుకోవాలో తేలక ఫైలు తిరిగేది. అందుకని ప్రతి ఆగుడుకూ మూడు తేదీలు రాశాం: యంత్రం ఆగిన రోజు, ఏం చేయాలో తేలిన రోజు, ఆ పని మొదలైన రోజు. మొదటి రెంటి మధ్య వ్యవధి సాంకేతికం. చివరి రెంటి మధ్యది యాజమాన్యానిది. యంత్రం నెల్లాళ్లు ఆగి, ఐదో రోజుకే మందు తెలిసి, ఇరవయ్యో రోజున పని మొదలైతే, మధ్యలో పదిహేను రోజులకు రాయిని అనలేం.

ఈ గీటురాయికి లొంగనివి రెండున్నాయి. మొదటిది ముందస్తు రంధ్రాలు. ప్రోబ్ డ్రిల్లింగ్‌తో ముఖం ముందు ముప్పై నలభై మీటర్ల రాయి ఎలా ఉందో పట్టుకోవచ్చు. కానీ రంధ్రం వేసినంతసేపూ యంత్రం ఆగాలి. బిల్లు మాత్రం తవ్విన మీటర్లకే వస్తుంది. ఇక రంధ్రం ఎవరు వేస్తారు? “ఊహించని రాయి” అని రాసిన చోట్ల మేం అడిగింది, ఊహించడానికి అసలు ప్రయత్నం జరిగిందా అని. జరగనప్పుడు ఆ ఆగుడు మొత్తం యాజమాన్యం ఖాతాలో వేశాం.

రెండోది, పైనున్న పులుల అభయారణ్యం. మధ్యలో ఎక్కడా పైనుంచి నిలువు బావి గానీ పక్క దారి గానీ తవ్వే వీల్లేదు. యంత్రం ఆగితే దాని ముందు రాయిని బయటినుంచి తాకే దారే ఉండదు. రెండో సొరంగంలో యంత్రం మొరాయించాక, పక్కనే ఉన్న మొదటి సొరంగం నుంచి అడ్డదారులు కొట్టి, పేలుడు మందుతో తవ్వి పని నడిపించారు. మొదటి సొరంగం ఆ చోటు దాటేదాకా ఈ ఉపాయం ఎవరికీ అందదు. కాబట్టి అంతవరకు ఎదురుచూడటం తప్పు కాదు. దాటాక నిర్ణయానికి పట్టిన ప్రతి రోజుకూ మాత్రం సంతకం చేయాల్సినవాళ్లే జవాబుదారులు.

నివేదిక చివర మూడే సిఫార్సులు రాశాం. ముందస్తు రంధ్రాలకు ఒప్పందంలో విడిగా రేటు ఉండాలి. గ్రౌటు, పైపులు యంత్రంతో పాటే గోదాములోకి రావాలి. యంత్రం ఫలానా రోజులకు మించి ఆగితే చేత్తో తవ్వడానికి మారాలన్న గడువు టెండరు రోజే రాసి ఉండాలి. ఇవేవీ కొండను మెత్తబరచవు. కొండతో ఎన్నాళ్లు పోయాయో, కాగితంతో ఎన్నాళ్లు పోయాయో మాత్రం మళ్లీ కలిసిపోకుండా చూస్తాయి.