నాలుగు వేల గంటలు ఎవరు చెప్పారు?

పోయిన నెల ఒక శుక్రవారం మధ్యాహ్నం మా మేనేజరు నా సీటు దగ్గరకొచ్చి "ఈ ఎక్సెల్ ఒకసారి చూసిపెట్టు, సోమవారం మీటింగుంది" అన్నాడు. నాకు ఫైనాన్స్ రాదు మహాప్రభో అన్నా వినలేదు. "కోడ్ రివ్యూ వచ్చు కదా, ఇదీ అంతే" అనేసి వెళ్ళిపోయాడు.

సంగతేంటంటే, మా ప్రోడక్టు లోడ్ టెస్టింగుకి మెషీన్లు గంటల లెక్కన అద్దెకి తీసుకుంటాం. గంటకి 900 రూపాయలు. దాని బదులు 60 లక్షలు పెట్టి సొంతంగా కొనేస్తే ఎలా ఉంటుందో తేల్చమని ఫైనాన్స్ టీములో కొత్తగా చేరిన ఎనలిస్టు కుర్రాడికి అప్పజెప్పారు. అతను నాలుగేళ్ళకి మోడల్ తయారుచేశాడు. అడుగున పచ్చరంగు గడిలో జవాబు: ఎన్‌పీవీ 11.5 లక్షలు. అంటే నాలుగేళ్ళలో మిగిలే డబ్బుని ఏడాదికి 12 శాతం చొప్పున తగ్గించి ఇవాళ్టి విలువకి తెచ్చి, అందులోంచి పెట్టుబడి తీసేసినా ఇంకా పదకొండున్నర లక్షలు మిగులుతాయన్నమాట. పర్చేజ్ ఆర్డర్ కూడా రెడీ, సంతకం పెట్టడమే తరువాయి.

నిజం చెప్పాలంటే ఫైలు తెరవగానే ముచ్చటేసింది. అంకెలన్నీ Inputs అనే షీట్లో, లెక్కలు Calc లో, ఫలితం Summary లో. నేను చూసిన చాలామంది సీనియర్ల ఫైళ్ళకంటే నయం. సరే, లెక్కల్లోకి దిగాను.

ఇలాంటివి చూడటానికి నాకు తెలిసిన చిట్కా ఒకటుంది. ఎక్సెల్ ఆప్షన్స్‌లో R1C1 reference style పెట్టుకుంటే, ఒక ఫార్ములాని పక్క గడులకి కాపీ చేసినప్పుడు అది అన్నిట్లోనూ అక్షరం మారకుండా ఒకేలా కనిపిస్తుంది. మామూలు పద్ధతిలో D17, E17, F17 అని ప్రతి గడిలోనూ పేర్లు మారిపోతుంటాయి కాబట్టి తేడా కంటికి ఆనదు. ఇక్కడైతే వరుసలో ఒక్క గడి వేరుగా ఉన్నా చటుక్కున దొరికిపోతుంది. అలాగే దొరికింది. అద్దె ఆదా వరుసలో మూడో ఏడాది గడిలో ఫార్ములా లేదు, 3600000 అని టైపు చేసి ఉంది. ఏదో ప్రయత్నించి చూస్తూ మళ్ళీ అదే అంకె కొట్టేసి ఉంటాడు. ఇప్పటికి జవాబు సరిగ్గానే వస్తుంది, ఎందుకంటే ఫార్ములా ఇచ్చేదీ 36 లక్షలే. కానీ Inputs లో గంటలు మార్చినప్పుడు మూడు ఏళ్ళు మారతాయి, ఈ ఏడాది మాత్రం కదలదు. ఖాయం చేసుకోవడానికి గంటల్ని సున్నా చేశాను. మిగతా మూడూ సున్నా అయ్యాయి, ఇది మాత్రం 36 లక్షలు ఆదా చేస్తూనే ఉంది :)

రెండో తప్పుని ఈ చిట్కా పట్టుకోలేదు. ఖర్చుల మొత్తం ఇలా ఉంది, నాలుగు గడుల్లోనూ ఒకేలా:

```
=SUM(R[-4]C:R[-2]C)
```

ఒకేలా ఉందని ముందుకెళ్ళిపోయి, మళ్ళీ వెనక్కొచ్చాను. మొత్తానికి సరిగ్గా పైనున్న వరుస R[-1] కదా, అది ఏమైనట్టు? చూస్తే అది మెషీన్ల మెయింటెనెన్స్ కాంట్రాక్టు. మొదటి ఏడాది వారంటీ, రెండో ఏడాది నుంచి ఏడాదికి 5 లక్షలు. కరెంటు, స్థలం, మనిషి జీతంలో వాటా అన్నీ రాసేశాక చివర్లో గుర్తొచ్చి ఆ వరుస చేర్చాడట. కొన్నిసార్లు ఎక్సెల్ తనే రేంజిని పెంచుతుంది, కొన్నిసార్లు పెంచదు. గడి మూలన చిన్న పచ్చ త్రిభుజం పెట్టి చెప్పింది కూడా. మనవాడు Ignore Error నొక్కేశాడు. మనం కంపైలర్ వార్నింగుల్ని ఏం చేస్తామో అదే.

ఈ తప్పు చిన్నవాళ్ళే చేస్తారనుకోకండి. 2010లో రైన్‌హార్ట్, రోగాఫ్ అనే ఇద్దరు పేరున్న ఆర్థికవేత్తలు దేశాల అప్పుల మీద రాసిన పేపర్లో సగటు 30 నుంచి 49 వరుసల దాకా తియ్యాల్సింది 44 దగ్గరే ఆగిపోయింది. ఐదు దేశాలు లెక్కలోకే రాలేదు. 2013లో దాన్ని పట్టుకున్నది థామస్ హెర్న్‌డన్ అనే విద్యార్థి.

మూడోది ఎన్‌పీవీ ఫార్ములా.

```
రాసింది:     =NPV(Inputs!$B$6,C20:G20)
ఉండాల్సింది: =C20+NPV(Inputs!$B$6,D20:G20)
```

NPV ఫంక్షను మొదటి అంకె కూడా ఏడాది తర్వాత వస్తుందనుకుంటుంది. C20 ఇవాళ పెట్టే 60 లక్షలు, దాన్ని తగ్గించకూడదు. పుస్తకాల్లో బాగా పేరున్న తప్పే ఇది. కానీ దీనివల్ల మొత్తం జవాబు 1.12తో భాగించబడుతుంది, అంతే. లాభం నష్టమైపోదు. సరిచేస్తే 11.5 కాస్తా 12.9 అయ్యింది, ఇంకా పెరిగింది! కనిపించిన తప్పులన్నీ ఒకే బరువువి కావు. మెయింటెనెన్స్ కలిపేసరికి మాత్రం 12.9 నుంచి 2.2 లక్షలకి పడిపోయింది.

అప్పుడు కుర్రాణ్ణి పిలిచాను. పాపం మొహం మాడిపోయింది. "ఫార్ములాల సంగతి వదిలెయ్, పది నిమిషాల పని. ఈ 4,000 గంటలు ఎక్కడివి?" అన్నాను. Inputs లో ప్రతి అంకె పక్కనా Source అనే కాలమ్ ఉంది. అద్దె రేటుకి కాంట్రాక్టు తేదీ, మెషీన్ల ధరకి కొటేషన్ నంబరు రాశాడు. పాత మెషీన్లు చివర్లో అమ్మితే ఏమీ రాదనుకున్నట్టు కూడా రాశాడు, పన్ను లెక్కలోకి తీసుకోలేదనీ రాశాడు. ఏడాదికి 4,000 గంటల పక్కన మాత్రం ఖాళీ.

కాసేపు నసిగాడు. "మీరే కదన్నా చెప్పింది. క్యాంటీన్లో."

నిజమే, చెప్పాను. రిలీజు ముందు రోజులవి, రాత్రీ పగలూ మెషీన్లు తిరుగుతున్నాయి. టీ తాగుతూ "ఏడాదికి నాలుగు వేల గంటలు ఈజీగా వాడతాం" అని గొప్పగా అన్నట్టు గుర్తొచ్చింది. అతను అడిగింది దీనికోసమని నాకు తెలీదు, నేను లెక్క చూసి చెప్పలేదని అతనికి తెలీదు.

ఇద్దరం కూర్చుని పన్నెండు నెలల బిల్లులు తీశాం. మొత్తం 3,450 గంటలు. ఆ అంకె పెడితే (మూడో ఏడాది గడిలో ఫార్ములా తిరిగి పెట్టాకే సుమా) దాదాపు 12.9 లక్షల నష్టం. అతని మూడు ఫార్ములా తప్పులూ కలిసి చేసిన తేడా తొమ్మిది లక్షల పైచిలుకు. నా ఒక్క టీ కబురు చేసింది పదిహేను లక్షలు. రివ్యూ చెయ్యడానికొచ్చినవాణ్ణి కదా, ఎటు చూడాలో తెలీలేదు.

అలాగని కొనొద్దనీ చెప్పలేను. వచ్చే ఏడాది వాడకం పెరగొచ్చు, పోయినేడాది బిల్లులు దానికి హామీ ఇవ్వవు. అందుకని ఎన్ని గంటలు వాడితే పెట్టుబడికి సరిపోతుందో Goal Seek తో కనుక్కుని Summary లో పైన పెట్టించాను: 3,920. దాని కింద 3,450కి ఎంత, 4,000కి ఎంత అని రెండు వరుసలు. ఒక్క పచ్చ గడి బదులు ఇవి చూసి మాట్లాడుకోవడం తేలిక.

సోమవారం మీటింగులో మా మేనేజరు ఆ 3,920 దగ్గరే ఆగాడు. పర్చేజ్ ఆర్డర్ పక్కన పెట్టి అద్దె కాంట్రాక్టు ఆరు నెలలు పొడిగించమన్నాడు, ఈలోగా గంటలు నెలనెలా రాయమన్నాడు. ఆ రాసే పని ఎవరికి పడిందో మీరు ఊహించగలరు.

సాయంత్రం కుర్రాడు ఫైనల్ ఫైలు పంపాడు. Source కాలమ్‌లో 3,450 పక్కన బిల్లుల నంబర్లున్నాయి. కింద పాత అంకెని కూడా ఉంచాడు: 4,000 పక్కన నా పేరు, తేదీ, "క్యాంటీన్, నోటిమాట" అని. తీసెయ్యమందామనుకుని, ఊరుకున్నాను.