రెండు మీటర్ల పురికొస

నిర్మల్ బొమ్మలు పొణికి కర్రతో చేస్తారు. చేతిలోకి తీసుకుంటే ఇంత తేలికా అనిపించే కర్ర అది. అందుకే విదేశంలో ఉన్న పిల్లలకు మన ఊరి బొమ్మనో చిత్తరువునో తపాలాలో పంపేటప్పుడు బరువు గురించి పడే దిగులు చాలావరకు అక్కర్లేదు. అట్టపెట్టె ఆగిపోయేది కొలత దగ్గర.

మా వైపు గల్ఫ్‌కు పోయి వచ్చేవాళ్లు ఎక్కువ. విమానంలో సామాను లెక్క అందరికీ నోటికి వచ్చు. పొడవు, వెడల్పు, ఎత్తు కూడి 158 సెంటీమీటర్లు దాటకుంటే చాలు. తపాలాకూ అదే లెక్క అనుకుంటారు. కాదు. తపాలావాళ్లు పొడవుకు చుట్టుకొలత కలుపుతారు. చుట్టుకొలత అంటే పొడవును పక్కన పెట్టి, పెట్టెకు అడ్డంగా నడుము చుట్టూ టేపు తిప్పితే వచ్చేది. అంటే వెడల్పు రెండుసార్లు, మందం రెండుసార్లు లెక్కకు వస్తాయి. పొడవు ఒక్కసారే.

యూనివర్సల్ పోస్టల్ యూనియన్ నియమాల్లో దీనికి మూడు మెట్లున్నాయి. వాటిలో చిన్నది, ఏ కొలతా 1.05 మీటర్లు మించకూడదనీ, పొడవూ చుట్టుకొలతా కలిపి 2 మీటర్లు దాటకూడదనీ చెబుతుంది. పై రెండు మెట్లలో ఈ మొత్తం 3 మీటర్ల వరకు పోవచ్చు. ఒక్క కొలత ఒక మెట్టులో 1.5 మీటర్లు, మరొకదానిలో 2 మీటర్లు దాకా. పార్శిల్ చేరాల్సిన దేశం ఏ మెట్టును ఒప్పుకుంటుందన్నది పోస్టాఫీసులో అడగాల్సిన మొదటి మాట. బొమ్మ కొనకముందే అడగాలి.

ఎందుకో ఒక లెక్కలో చూద్దాం. మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉన్న నిర్మల్ పెయింటింగ్ అనుకోండి. చట్రంతో కలిపి 90, 60, మందం 4 సెంటీమీటర్లు. చుట్టూ నాలుగేసి సెంటీమీటర్ల మెత్త వేస్తే పెట్టె 98, 68, 12 అవుతుంది. విమానం పద్ధతిలో కూడితే 178. రెండు మీటర్లలోపే ఉంది కదా అనిపిస్తుంది. అసలు లెక్కలో చుట్టుకొలతే 160, దానికి 98 కలిపితే 258. చట్రం తీసేసి, మెత్త పలచన చేసినా ఇది 200లో పట్టదు. చెరియాల పటమైతే చుట్ట చుట్టి గొట్టంలో పెట్టవచ్చు, నిర్మల్ చిత్రం చెక్క పలక మీద వేసింది, చుట్టలేం. మూడు మీటర్ల మెట్టు ఉన్న దేశానికే ఇది పోతుంది.

అదే చిత్రం 60, 45 సైజులో తీసుకుంటే? అదే మెత్తతో పెట్టె 68, 53, 12. చుట్టుకొలత 130, మొత్తం 198. పట్టింది. ఇక్కడ రెండు చోట్ల జాగ్రత్త కావాలి. మొదటిది, పొడవు అంటే అన్నిటికంటే పెద్ద కొలతే. పెట్టెను పక్కకు తిప్పి 53ను పొడవు అనుకుంటే మొత్తం 213 వచ్చి, పోయే పెట్టెను పోదని ఇంట్లోనే ఆపేస్తాం. రెండోది ఉబ్బు. కాగితాలు, గుడ్డలు కుక్కితే పెట్టె పైనా కిందా ఒక్కో సెంటీమీటరు ఉబ్బుతుంది. నడుము చుట్టూ మెత్తటి టేపు వేస్తే ఆ ఉబ్బు దాదాపు తెలియదు. స్కేలుతో మందం చూసి రెట్టింపు చేసేవారి చేతిలో మాత్రం 12 కాస్తా 14 అవుతుంది, మొత్తం 202కు పోతుంది. కౌంటర్లో ఎలా కొలుస్తారో ముందే తెలియదు కనుక, స్కేలు లెక్కకు కూడా నిలిచేట్టు ఉంచుకోవాలి.

దానికి దారి మెత్తలోనే ఉంది. అన్ని పక్కలా ఒక్క సెంటీమీటరు మెత్త తగ్గిస్తే పొడవు 2, వెడల్పు 2, మందం 2 తగ్గుతాయి. చివరి రెండూ రెట్టింపుగా లెక్కకొస్తాయి కనుక మొత్తం 10 తగ్గుతుంది. మూడేసి సెంటీమీటర్ల మెత్తతో మన పెట్టె 66, 51, 10, మొత్తం 188. ఉబ్బుకూ, పైన వేసే టేపు పొరలకూ చోటు మిగిలింది. అంతకంటే పలచన చేయకండి, మూలలు దెబ్బతింటాయి.

ఇంట్లో చూసుకోవడానికి దర్జీ టేపు చాలదు, అది 150 సెంటీమీటర్ల దగ్గర అయిపోతుంది. రెండు మీటర్ల పురికొస కత్తిరించి, ఒక కొసను పెట్టె మూలన పట్టుకుని పొడవునా లాగి, అవతలి అంచు దగ్గర వేలితో నొక్కిపెట్టండి. మిగిలిన దారాన్ని నడుము చుట్టూ, లావు ఎక్కువున్న చోట తిప్పండి. చుట్టు పూర్తయ్యాక దారం ఇంకా నాలుగు వేళ్లు మిగిలితే పెట్టె పోస్టాఫీసుకు తీసుకెళ్లవచ్చు. సరిగ్గా కలిసినా, చాలకపోయినా లోపలి మెత్తను మళ్లీ సర్దాలి. అంటించే టేపులు, కట్టే తాడు అన్నీ వేశాకే ఈ పరీక్ష చేయాలి.