తొడ బొక్క రెండు వారాలు తక్కువట!

"అక్కా, బిడ్డ తొడ బొక్క రెండు వారాలు తక్కువ ఉందట. బిడ్డ ఎదుగుతలేదా?" అంటూ మా చెల్లి ఏడుపు గొంతుతో ఫోన్ చేసింది. అప్పుడు తనకు 32వ వారం. సిద్దిపేటలో మా ఇల్లు, తన ఇల్లు దగ్గరే. వెంటనే వెళ్లి రిపోర్టు చూశాను.

HC అంటే తల చుట్టుకొలత. అది 290 మిల్లీమీటర్లు, పక్కన 32 వారాలు అని ఉంది. FL అంటే తొడ ఎముక పొడవు. అది 58, పక్కన 30 వారాలు. AC, అంటే పొట్ట చుట్టుకొలత, 32 వారాలకు సరిపోయింది.

ఆ 30 వారాలు బిడ్డ వయసు కాదండీ. సగటున 30 వారాల బిడ్డకు ఉండే ఎముక పొడవు అది. చాలా మెషిన్లలో ఉండే హాడ్‌లాక్ పట్టికలు 1980లలో అమెరికాలో తయారయ్యాయి. మా చెల్లి ఐదడుగులు కూడా ఉండదు, మా మరిదీ పొడగరి కాదు. అలాంటి ఇంట్లో బిడ్డ తొడ ఎముక కాస్త పొట్టిగా ఉండటం వింతేమీ కాదు.

"అయితే కాన్పు డేటు రెండు వారాలు వెనక్కి జరపాలె కదా" అంది వాళ్ల అత్తమ్మ. డాక్టరమ్మ ఒప్పుకోలేదు. మూడో నెలలోపు స్కానింగ్‌లో వయసు లెక్క తప్పితే వారం లోపే తప్పుతుంది. చివరి నెలల్లో రెండు మూడు వారాల తేడా మామూలే. అందుకే మొదటి స్కానింగ్ ఇచ్చిన డేటే లెక్క. ఇప్పుడు దాన్ని జరిపితే, నిజంగా ఎదగని బిడ్డ కూడా కాగితం మీద సరిగ్గా ఉన్నట్టే కనిపిస్తుంది.

మూడు వారాల తర్వాత మళ్లీ రమ్మన్నారు. అంతకంటే తొందరగా కొలిస్తే, కొలతలో వచ్చే చిన్న తేడాకూ ఎదుగుదలకూ తేడా తెలియదట. 35వ వారంలో HC 312, FL 64. ఈ నెలల్లో తొడ ఎముక వారానికి సుమారు రెండు మిల్లీమీటర్లు పెరగాలి. మూడు వారాల్లో ఆరు పెరిగింది. పట్టిక కంటే ఇంకా రెండు వారాలు వెనకే ఉంది, కానీ ఆ తేడా పెరగలేదు.

మరి ఎప్పుడు భయపడాలి? మాయ నుంచి బిడ్డకు రక్తం చాలకపోతే, ఉన్నదాంట్లో మెదడుకే ముందు అందుతుంది. అప్పుడు తల బాగానే పెరుగుతుంది, పొట్ట కొలత వెనకబడుతుంది. అలా ఉంటే డాప్లర్ స్కానింగ్‌తో రక్తప్రసరణ చూస్తారు. ఐదో నెల స్కానింగ్‌లోనే తొడ ఎముక బాగా పొట్టిగా గానీ, వంగి గానీ కనిపిస్తే అది వేరే సంగతి, పెద్ద డాక్టర్‌కు చూపించాలి.

స్కానింగ్‌కు వెళ్లే ప్రతిసారీ తొలి నెలల రిపోర్టు, ముందటి రిపోర్టు రెండూ వెంట తీసుకెళ్లండి. కొలతలు ఎలా ఉన్నా సరే, కడుపులో బిడ్డ కదలిక తగ్గిందనిపిస్తే మాత్రం తర్వాతి స్కానింగ్ దాకా ఆగకండి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.