పేరు కాదు, పట్టీ కుట్టు చూడండి

మా చిన్నది ఈ ఏడు మూడో తరగతిలోకి వచ్చింది. కిందటేడు పేరున్న కంపెనీ బ్యాగే కొన్నాం. ఆగస్టులో, వానలో, ఆటో దిగుతుంటే కుడి పట్టీ మొదలంటా ఊడిపోయింది. గ్యారంటీ కార్డు తీస్తే 'వాడకం వల్ల వచ్చే అరుగుదలకు వర్తించదు' అని రాసుంది. అందుకే ఈసారి కొట్లో పేరు తర్వాత అడిగాను, బ్యాగు లోపలి వైపు ముందు చూశాను.

కొట్టుకి వెళ్ళే ముందే ఇంట్లో ఒక లెక్క వేసుకున్నాను. కేంద్రం 2020లో తెచ్చిన స్కూల్ బ్యాగ్ విధానం ప్రకారం బ్యాగు బరువు పిల్లల బరువులో పదోవంతు దాటకూడదు. మా పాప 22 కిలోలు. అంటే అన్నీ కలిపి 2 కిలోల 200 గ్రాములు. టైంటేబుల్లో ఎక్కువ పుస్తకాలుండే రోజు చూసి, వంటింటి కాటా మీద తూచాను. పుస్తకాలు 1,100 గ్రాములు, కంపాస్ బాక్సు 150, అన్నంతో సహా టిఫిన్ డబ్బా 450. మొత్తం 1,700. ఖాళీ బ్యాగుకి మిగిలింది 500 గ్రాములే! అర లీటరు నీళ్ళ సీసా కూడా నింపి పెడితే అక్కడే హద్దు దాటిపోతుంది. బడిలో మంచినీళ్ళున్నాయి కాబట్టి సీసా ఖాళీగా చేతికి తగిలించి పంపి, అక్కడే నింపుకోమంటున్నాను.

కొట్లో అబ్బాయి మూడు కంపెనీల బ్యాగులు ముందు పెట్టాడు. బొమ్మ అట్టలా ఉబ్బి, లోపల నాలుగు అరలున్నది పాపకి తెగ నచ్చింది. సంచిలో తీసుకెళ్ళిన కాటా మీద పెడితే 780 గ్రాములు. అది పక్కకి పోయింది. చక్రాల బ్యాగు కూడా చూపించాడు గానీ, మెట్లెక్కేటప్పుడు దెబ్బలు తగులుతాయని ఆ విధానంలోనే వాటిని వద్దన్నారు. మిగిలిన రెండూ 400, 430 గ్రాములు. ఇక వాటి మధ్యే పోటీ.

పట్టీ మెత్తదనం చూడాలంటే బొటనవేలితో ఒకవైపు గట్టిగా నొక్కి, రెండో వైపు వేలు పెట్టి చూడండి. రెండు వేళ్ళూ ఒకదానికొకటి తగిలినట్టనిపిస్తే అది ఉత్త స్పాంజి. కొత్తలో దిండులా ఉంటుంది, కొన్ని నెలలకి అప్పడమై భుజంలో దిగుతుంది. మంచి ఫోమ్ కాస్త ఎదురు తిరుగుతుంది, వేలు తీయగానే లేస్తుంది. పట్టీ నా మూడు వేళ్ళ వెడల్పు ఉండాలనుకున్నాను. సన్నగా ఉంటే ఎంత మెత్తగా ఉన్నా బరువంతా ఒకే గీత మీద పడుతుంది. వీపు వైపు పలచగా ఉందేమో తెలియాలంటే లోపల ఒక గట్టి అట్ట పుస్తకం పెట్టి, దాని అంచు బయటికి గుచ్చుకుంటోందా అని తడిమితే చాలు. ఈ పరీక్షలో రెండూ నెగ్గాయి.

జిప్పుని ఖాళీ బ్యాగు మీద లాగితే ఏ జిప్పయినా నడుస్తుంది. పుస్తకాలు కుక్కి, ఒక్క వేలితో, మూలల దగ్గర లాగాలి. పిల్లలు అలాగే లాగుతారు కదా! 400 గ్రాముల బ్యాగులో మూల తిరిగేచోట లోపలి లైనింగు ప్రతిసారీ రన్నర్‌లో ఇరుక్కుంది. లైనింగు జిప్పు పళ్ళకి మరీ దగ్గరగా కుట్టారన్నమాట. ఇంకో మాట. వాడుతూండగా రన్నర్ వెనకాల జిప్పు తెరుచుకుపోతుంటే చాలాసార్లు అరిగింది రన్నరే. బ్యాగులు కుట్టేవాళ్ళు అది మార్చిస్తారు. పళ్ళు దెబ్బతింటే మాత్రం జిప్పంతా మార్చాల్సిందే.

చివరగా కుట్టు. బ్యాగుని లోపలికి తిరగేయండి. పట్టీ పైన కలిసేచోట చతురస్రంలా కుట్టి, మధ్యలో ఇంటూ గుర్తులా ఇంకో కుట్టు ఉంటే బరువు నాలుగు పక్కలా పంచుకుంటుంది. ఒక్క వరస కుట్టే ఉంటే లాగుడంతా దాని మీదే. మాకు పోయిన పట్టీ అలాంటిదే. అతుకుకి అటూ ఇటూ పట్టుకుని లాగితే దారాలు నిచ్చెన మెట్లలా కనబడకూడదు. లోపలి గుడ్డ అంచులకి టేపు వేసి కుట్టకపోతే పోగులు లేచి, కుట్టు బాగున్నా గుడ్డే జారిపోతుంది. 430 గ్రాముల బ్యాగులో చతురస్రం ఉంది, టేపు ఉంది. అదే తీసుకున్నాం.

"మేడమ్, ఈ కంపెనీవన్నీ ఇలాగే గట్టిగా ఉంటాయి" అన్నాడు అబ్బాయి. అదే కంపెనీది పక్కన వేలాడుతున్న చవక రకం తిరగేసి చూశాను. ఒకే వరస కుట్టు, టేపు లేదు. స్కైబ్యాగ్స్ అయినా, వైల్డ్‌క్రాఫ్ట్ అయినా, ఊళ్ళో కుట్టినదైనా, మీ చేతిలో ఉన్న ఆ ఒక్క బ్యాగునే తిరగేసి చూసుకోవాలి.

కొన్నాక పాప భుజాలకి తగిలించి, రెండు పట్టీలూ సమానంగా బిగించాను. బ్యాగు అడుగు నడుం దగ్గర ఆగింది, కిందికి వేలాడలేదు. పెద్ద పుస్తకాలు వీపు వైపు, డబ్బా బయటి వైపు. నిండా సర్ది తూస్తే 2 కిలోల 130 గ్రాములు. బొమ్మ లేదని పాప రెండు రోజులు అలిగింది. మూడో రోజు తనే ఒక సీతాకోకచిలుక స్టిక్కరు అంటించుకుంది.