అన్నయ్యకు వ్రాసిన నాలుగు పంక్తులు

తంతి వచ్చెనన్ననే గుండె జల్లుమను దినములు మన పెద్దలు చూచిరి. 2013 జులైలో మన దేశమున తంతి సేవయే నిలిచిపోయినది. కాని దూరదేశమందున్నవానికి తండ్రి మరణము తెలుపవలసిన కష్టము మాత్రము తీఱలేదు.

మా నాన్నగారు రాజమహేంద్రవరమున తెల్లవారుజాము 4 గంటల 10 నిమిషములకు కాలము చేసిరి. అన్నయ్య డాలసు నగరమున నున్నాడు. అది వేసవి గనుక అక్కడి గడియారము మనకంటె పదిన్నర గంటలు వెనుక. అనగా వానికప్పటికి ముందటి దినము సాయంకాలము 5 గంటల 40 నిమిషములు. కార్యాలయమునుండి కారు నడుపుకొనుచు ఇల్లు చేరు సమయమది. ఫోనులో చెప్పుటకు నాకు గొంతు పెగలలేదు.

మొదట, "నాన్నగారికి బాగుండలేదు, వెంటనే బయలుదేరుము" అని వ్రాసితిని. పూర్వపు తంతులన్నియు ఇట్లే యుండెడివట. కాని ఆ మాట నమ్మి, చూపు దక్కునను ఆశతో ఇరువదినాలుగు గంటలకు పైగా విమానములలో కూర్చుండి వచ్చువాని సంగతి యేమి? చెఱిపివేసితిని.

పిన్నిగారు ప్రక్కన కూర్చుండి, "నిన్నే కలవరించినారని వ్రాయవే తల్లీ, వాడికి తృప్తిగా ఉంటుంది" అనిరి. నాన్నగారు ఎవరినీ కలవరింపలేదు. రాత్రి చారన్నము తిని, దోమతెర దింపుమని చెప్పి పరుండిరి. ఆ రెండు మాటలే వ్రాసితిని. అన్నయ్యకు నాన్నగారు బాగుగా తెలియును. కల్పించిన మాటను వాడు ఇట్టే పట్టును.

తరువాత తిథి. ఆబ్దికమునకు మరణకాలమందు ఇచ్చట నున్న తిథియే ప్రమాణము. అక్కడ సోమవారము సాయంకాలము. ఇచ్చట ఇంగ్లీషు లెక్కకు మంగళవారము. సూర్యోదయము కాలేదు గనుక మన లెక్కకు ఇంకను సోమవారమే. వాడు చిక్కుపడకుండ "జ్యేష్ఠ బహుళ సప్తమి" అని స్పష్టముగా నుంచితిని.

అన్నిటికంటె కఠినమైనది చివరి పంక్తి. ఐసుపెట్టెలో రెండు దినములుంచవచ్చునని బంధువులనిరి. అమ్మ అంగీకరింపలేదు. "ఆయన ఎవరికోసమూ అన్నం ముందు కూర్చుని ఎదురుచూడలేదు. వాణ్ణి పదోరోజుకి రమ్మను" అనెను. ఆమె మాటకు ఎదురాడువారెవరు? వాడు తండ్రి ముఖము చూడలేడని నేనే వ్రాయవలసివచ్చెను.

"అన్నయ్యా, నాన్నగారు తెల్లవారుజామున నిద్రలోనే పోయినారు. రాత్రి చారన్నము తిని, దోమతెర దింపమన్నారు. తిథి జ్యేష్ఠ బహుళ సప్తమి. అమ్మ మాట ప్రకారము మధ్యాహ్నమే దహనము, చిన్నాన్నగారి అబ్బాయి చేయును. అస్థులు నీ చేతనే గోదావరిలో కలుపుటకు ఉంచెదము, పదవనాటికి రమ్ము."

దీనిని నేరుగా వానికి పంపక వదినకు పంపి, "అన్నయ్య ఇల్లు చేరి, మంచినీళ్లు త్రాగిన పిమ్మట చూపుము" అని చేర్చితిని. పూర్వము ఇట్టి ఉత్తరమును చదివినవెంటనే చింపివేసెడివారు. ఇది మా ముగ్గురి ఫోనులలోను నేటికిని ఉన్నది.