“మేమే ఫోన్ చేస్తాం” అన్నాక

పోస్టు కొంచెం పెద్దదే, తీరిగ్గా చదవండి.

డిగ్రీ అయిపోయి ఉద్యోగాలకి తిరిగిన మనోళ్లలో ఈ మాట విననివాళ్లు ఉండరు: “మీరు వెళ్లండి, మేమే ఫోన్ చేస్తాం.” ఆ తర్వాత ఫోన్ రాదు. మనం చేస్తే ఎత్తరు. సిటీలో దీన్ని గోస్టింగ్ అంటారట, అంటే దెయ్యంలా మాయమైపోవడం. మాలో ఒకరు విశాఖలో ఒక కంపెనీకి మూడుసార్లు ఇంటర్వ్యూకి వెళ్లారు. మూడోసారి “దాదాపు ఓకే” అన్నారు, ఆ దాదాపు ఇప్పటికీ తేలలేదు. సిటీ కుర్రాడైతే ఇంకో కంపెనీకి వెళ్తాడు. మన దగ్గర ఆ ఎదురుచూపుకి ఖరీదు వేరు. కాఫీ పండ్లు కోసే రోజుల్లో కబురు కోసం ఇంట్లో కూర్చుంటే ఆ కూలీ పోయినట్టే. మేస్త్రీ అడ్వాన్స్ పట్టుకుని వస్తే తీసుకోవాలా వద్దా తెలీదు.

అందుకే పోయినేడు పాడేరు చుట్టుపక్కల ఊళ్లలో సాయంత్రం ట్యూషన్ సెంటర్లకి మేమే టీచర్లని తీసుకోవాల్సి వచ్చినప్పుడు, ముందు ఒక్కటే అనుకున్నాం. ఎవర్ని తీసుకున్నా తీసుకోకపోయినా, అప్లై చేసిన ప్రతి మనిషికీ చివరి మాట అందాలి. ఉన్నవి 9 పోస్టులు, వచ్చిన అప్లికేషన్లు 71. మేం నలుగురం. గుర్తుపెట్టుకుని చెయ్యడం అయ్యే పని కాదు, గూగుల్ షీట్ తెరిచాం.

షీట్‌లో ఒక్కో మనిషికి ఒక్కో వరుస. పేరు, ఊరు, ఫోన్ నంబరు అందరూ రాస్తారు. మేం పక్కన ఇంకో నంబరు పెట్టాం, సిగ్నల్ ఉండే చోట ఉన్న బంధువుదో, రోడ్డు పక్క కొట్టు వాళ్లదో. ఆ మనిషి ఎవరో, ఆ నంబరుకి చెప్పొచ్చో లేదో అప్లికేషన్ తీసుకున్నప్పుడే అడిగాం. మన కొండల్లో ఒక్క నంబరుని నమ్ముకుంటే సగం మందికి కబురు అందదు.

తర్వాత నాలుగు గళ్లు. ఇప్పుడు ఏ దశలో ఉన్నారు, చివరిసారి ఎప్పుడు చెప్పాం, మళ్లీ ఏ తేదీకి చెప్తామని మాటిచ్చాం, మాలో ఎవరు చెప్పాలి. దశ గడిలో చేత్తో రాయకుండా అయిదు మాటల్లోంచి ఎంచుకునేలా పెట్టాం: అందింది, ఫోన్, డెమో, వెయిటింగ్, ముగిసింది. ఒకరు “డెమో”, ఇంకొకరు “డెమో క్లాస్” అని రాస్తే ఫిల్టర్ పెట్టినప్పుడు కొందరు కనపడకుండా పోతారు. ఇంకో సంగతి, “ముగిసింది” అంటే మేం నిర్ణయం తీసుకున్నామని కాదు. ఆ మనిషి చెవిన పడిందని. వద్దని మేం అనుకున్నా, వాళ్లకి చెప్పేదాకా ఆ వరుస తెరిచే ఉంటుంది. మా షీట్ మొత్తంలో ముఖ్యమైన నియమం ఇదే.

మాటిచ్చిన తేదీ G గడిలో, దశ E గడిలో. చివరి గడిలో ఈ ఫార్ములా:

```
=IF(E2="ముగిసింది","",IF(G2<TODAY(),"ఆలస్యం",IF(G2=TODAY(),"ఈరోజు","")))
```

రోజూ సాయంత్రం షీట్ తెరిస్తే ఎవరికి ఈరోజు చెప్పాలో, ఎవరికి మాట తప్పుతున్నామో కనిపిస్తుంది. తేదీ వెయ్యకుండా వదిలేసినా “ఆలస్యం” అనే చూపిస్తుంది, అది మంచిదే. ఒక్క చోట మాత్రం మోసం చేస్తుంది. తేదీని షీట్ తేదీగా గుర్తించక మామూలు అక్షరాలుగా తీసుకుంటే, గడువు దాటిపోయినా గడి ఖాళీగా ఉంటుంది, అంతా బాగానే ఉందనిపిస్తుంది. మామూలుగా తేదీ గడిలో కుడివైపుకి జరిగి ఉంటుంది. ఎడమవైపున ఉందంటే అది అక్షరాలే అన్నమాట, సరిచెయ్యండి.

71 మందిలో 31 మందికి మొదటి దశలోనే కాదని ఎస్సెమ్మెస్ పంపాం. వాట్సాప్ కాదు, చిన్న ఫోన్లున్నవాళ్లకీ చేరాలి కదా. 40 మందితో ఫోన్‌లో మాట్లాడాం, అందులో 22 మందిని డెమో క్లాసుకి పిలిచాం. జీపెక్కి, ఓ రోజు కూలీ వదులుకుని వచ్చి పిల్లల ముందు పాఠం చెప్పిన మనిషికి మెసేజ్ పడేసి ఊరుకోకూడదు. అందుకని ఆ 22 మందికీ ఫోనే చేశాం. కాదని చెప్పాల్సిన ఫోన్‌లో మొదటి వాక్యంలోనే చెప్పేశాం. ముందు పది నిమిషాలు పొగిడి చివర్లో కాదంటే అవతలివాళ్లకి ఆశ పెట్టి లాగేసినట్టుంటుంది. కారణం అడిగితే ఉన్నదే చెప్పాం: “పాఠం బాగా చెప్పారు తమ్ముడూ. ఆ ఊరి పిల్లలు ఇంట్లో కువి మాట్లాడతారు, కువి వచ్చినవాళ్లని తీసుకున్నాం.” “ముందు ముందు చూద్దాం” అని ఉత్త మాట అనలేదు.

అన్నిటికంటే కష్టం వెయిటింగ్ లిస్టు. తొమ్మిది మందిని తీసుకున్నాం, తొమ్మిది మందికి కాదన్నాం, మిగిలిన నలుగురూ మధ్యలో. ఎవరైనా చేరకపోతే వీళ్లని పిలవాలి. చాలా ఆఫీసుల్లో సరిగ్గా ఇక్కడే నోరు మూసుకుంటారు, చెప్తే వేరే పనికి పోతారేమోనని.

అందులో పెదబయలు వైపు ఊరి చెల్లి ఒకామె రెండో పేరు. ఆమెకి ఫోన్ లేదు, వాళ్లన్న ఫోన్, అదీ గట్టెక్కితేనే మోగుతుంది. “మీది వెయిటింగ్‌లో రెండో పేరు. చేరేవాళ్ల సంగతి 20వ తేదీకి తేలుతుంది. ఆ రోజు సాయంత్రం ఫోన్ చేస్తాం. ఈలోగా పని దొరికితే వదులుకోవద్దమ్మా, వెళ్లేముందు మాకో మాట చెప్పు” అన్నాం. అప్పటికే మేస్త్రీ ఒకాయన కోస్తాలో రొయ్యల కంపెనీ పనికి అడ్వాన్స్ ఇస్తానన్నాడట. ఆమె ఆయన్ని 20 దాకా ఆగమంది.

20 వచ్చింది. సెలెక్ట్ అయినవాళ్లలో ఒకరు ఇంకా అటూ ఇటూ తేల్చలేదు. చెప్పడానికి మా దగ్గర కొత్త సంగతి లేదు. షీట్ మాత్రం “ఈరోజు” అంటోంది. వాళ్లన్న ఫోన్ కలవలేదు, రెండో నంబరు, కొట్టు ఆయనకి చేస్తే పిల్లాణ్ణి పంపి పిలిపించాడు. “ఇంకా తేలలేదు. ఒకరి జవాబు రావాలి. 23 దాకా చూసి, రాకపోతే ఆ పోస్టు వదిలేసినట్టే లెక్కేస్తాం. 23న తప్పకుండా చెప్తాం” అన్నాం. ఆమె కాసేపు ఆగి, “మూడ్రోజులేగా, ఆగమంటాను అన్నా” అంది. ఆ మూడు రోజుల లెక్క ఆమె చేతిలో ఉంది కాబట్టే మేస్త్రీతో మాట్లాడగలిగింది. మేం ఫోన్ చెయ్యకుండా ఉంటే 21 పొద్దున్నే బస్సెక్కేసేది.

23న అవతలి వ్యక్తి రానన్నారు. వెయిటింగ్‌లో మొదటి పేరు అబ్బాయి అప్పటికే విశాఖలో పనికి చేరి, ముందే మాకు చెప్పి వెళ్లాడు. అయినా ఒకసారి అడిగాం, రానన్నాడు. అదే సాయంత్రం చెల్లికి చెప్పాం. మిగతా ఇద్దరికీ ఆ రాత్రే ఫోన్ చేసి, పోస్టులు నిండాయి, ఇక ఎదురుచూడొద్దని చెప్పాం. ఒకాయన కోప్పడ్డాడు, విన్నాం.

మొత్తం అయ్యేసరికి ఐదు వారాలు పట్టింది. పని తక్కువేం కాదు, రోజూ అరగంట, డెమోల వారంలో గంటపైనే. వందల అప్లికేషన్లు వస్తే ప్రతి దశలో ఫోన్ చెయ్యడం మా నలుగురి వల్ల అయ్యేది కాదు. అప్పుడు మొదటి దశకి మెసేజ్, మనిషి వచ్చి కూర్చున్న దశ నుంచి ఫోన్ అని ఇంకా గట్టిగా గీత గియ్యాలి.

ఒక జాగ్రత్త. షీట్‌లో అందరి నంబర్లూ ఉంటాయి, ఆడపిల్లలవి కూడా. లింకున్న ఎవరైనా చూసేలా పెట్టకండి, పనిచేసే నలుగురి మెయిళ్లకే ఇవ్వండి. తీసుకోనివాళ్లని, మళ్లీ ఖాళీలొస్తే పిలవడానికి మీ నంబరు ఉంచుకోమంటారా అని అడిగాం. ఉంచమన్నవాళ్లవి వేరే షీట్‌లోకి మార్చి, మిగతావి తీసేశాం. ఖాళీ షీట్ మా దగ్గరుంది, మీ ఊళ్లో ఎవరినైనా పనికి తీసుకుంటున్నట్టయితే అడగండి, పంపిస్తాం.